పంక్తికొక ఊపిరి



మన ఇళ్ళల్లో శనివారం భజనకో, ఆదివారం ప్రార్థనకో కాస్త గొంతున్న వాళ్ళని ముందు కూర్చోబెడతారు కదా. అలా పేరు తెచ్చుకున్నదాన్నే నేనూను. ఆ ధైర్యంతోనే రెండేళ్ళ క్రితం మా ఊళ్ళో ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళి, వారానికొక పూట పెద్దవాళ్ళతో పాటలు పాడిస్తానని చెప్పాను. చూడండి, పాడతానని కాదు, పాడిస్తాననే చెప్పాను. మొదటి రోజున ఆ పని నాకు చేతకాలేదు. ఎందుకు చేతకాలేదో, తర్వాత ఏం చేస్తే కుదిరిందో ఇవాళ మీతో చెబుదామనుకుంటున్నాను.

ఆ రోజు నేను చేసుకున్న ఏర్పాటు ఇదీ. మా ఇంట్లో ఉన్న భజన కీర్తనల పుస్తకంలోంచి పది పాటలు జిరాక్సు తీయించాను. చిరిగిపోకుండా ఉంటాయని ప్రతి కాగితానికీ లామినేషన్ చేయించాను. హార్మోనియం పట్టుకెళ్ళాను. హాల్లో ఇరవై రెండు మంది కూర్చున్నారు. అందరికీ తలా ఒక కట్ట పంచి, నా అలవాటు శ్రుతిలో మొదలుపెట్టాను. మొదటి పాటకి నలుగురైదుగురు గొంతు కలిపారు. రెండో పాటకి ఇద్దరు. మూడో పాటకి హాలంతా నిశ్శబ్దం, నేనొక్కదాన్నే పాడుతున్నాను. అయిపోయాక అక్కడి ఆయా నా దగ్గరికొచ్చి, "అమ్మగారూ, మీరు ఎంత బాగా పాడారండీ!" అంది. ఆ పిల్ల మెచ్చుకోలుగానే అంది గాని నాకు తల కొట్టేసినట్లయింది. పాడించడానికి వెళ్ళినదాన్ని కచేరీ చేసి వచ్చానన్నమాట.

ముందు వరసలో ఒక మామ్మగారు కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి, బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యారు. కాగితం ఒళ్ళో పెట్టుకుని ఒక్కసారైనా చూడలేదు. "మామ్మగారూ, మీరు పాడలేదేమండీ?" అంటే, "నాకు రాదమ్మా" అన్నారు. నేను నమ్మేశాను. వెళ్ళేముందు కాగితాలన్నీ తీసుకుంటూ ఉంటే, వెనక నుంచి సన్నగా ఒక కూనిరాగం వినిపించింది. తిరిగి చూస్తే ఆవిడే. నేను పాడిన రెండో పాటే, ఒక్క మాట తప్పకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ పాడుకుంటున్నారు. కాని నా శ్రుతికి చాలా కింద, నా నడకలో సగం నడకలో.

అంటే ఆవిడకి పాట వచ్చు. నా కాగితం ఆవిడకి కనపడలేదు. నా శ్రుతి అందలేదు. నా వేగం ఊపిరికి చాలలేదు. ఇవి మూడూ నా తప్పులే గాని, ఆవిడ "నాకు రాదు" అని తన మీద వేసుకున్నారు. వయసు మళ్ళినవాళ్ళు తరచూ చేసే పని ఇదే. మనం సరిగా అమర్చకపోతే, లోపం తమదేననుకుని ఊరుకుంటారు. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ముందు కాగితం సంగతి చూద్దాం.

లామినేషన్ చేయించడం నా మొదటి పొరపాటు. ఆ నున్నటి ప్లాస్టిక్ మీద ట్యూబులైటు పడితే అద్దంలా మెరుస్తుంది. శుక్లం మొదలైన కంటికి వెలుతురు చెదిరి, ఆ మెరుపులో అక్షరాలే మాయమవుతాయి. ఇప్పుడు మెరుపు లేని దళసరి కాగితం వాడుతున్నాను. రంగు తెలుపైనా పరవాలేదు, లేత మీగడ రంగైతే ఇంకా మంచిది. అక్షరాలు మాత్రం నల్లగానే ఉండాలి. అందంగా ఉంటుందని నీలం సిరా, ఎర్ర సిరా వేయించకండి. పెద్ద వయసులో కంటిపాప వెనకుండే కటకం పసుపుబారుతుంది, నీలం మసకగా కనిపిస్తుంది. కాగితానికి ఒకవైపే అచ్చు వేయించాలి. రెండువైపులా వేయిస్తే వెనక అక్షరాలు నీడల్లా కనబడి చికాకు పెడతాయి.

ఇక అక్షరం. మన తెలుగు అక్షరానికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఇంగ్లీషులో అక్షరాలు ఒకే వరసలో నడుస్తాయి. మనకి పైన గుడులూ, ఏత్వాలూ ఉంటాయి, కింద వత్తులు వేలాడుతూ ఉంటాయి. మామూలు పుస్తకం అచ్చులో ఒక పంక్తి కింద వత్తూ, తర్వాతి పంక్తి పైన గుడీ దాదాపు తగులుకునేలా ఉంటాయి. మనకి అలవాటు గనక తెలియదు. మసక కంటికి మాత్రం ఆ వత్తు ఏ పంక్తిదో తెలియదు. పైగా "ప"కి "వ"కీ, "మ"కి "య"కీ, "ద"కి "ధ"కీ తేడా ఒక చిన్న గీతో, చుక్కో, మెలికో. ఆ గీత కనబడకపోతే మాట మారిపోతుంది. దేవుడి పాటలో తప్పు చదివానేమోనన్న బెరుకుతో, చదవడం వచ్చినవాళ్ళే ముందు నోరు మూసుకుంటారు. మా పంతులమ్మ మామ్మగారికి జరిగింది ఇదే.

అందుకని డి.టి.పి. షాపులో నేను చెప్పేది ఇలా ఉంటుంది. అక్షరం 28 పాయింట్లు ఉండాలి. మెలికలు తిరిగిన అలంకారపు అక్షరాలు వద్దు, పాఠ్యపుస్తకంలో వాడే గుండ్రటి సాదా అక్షరం కావాలి. పంక్తికి పంక్తికి మధ్య మామూలు కంటే ఒకటిన్నర రెట్లకు మించి ఎడం ఉండాలి. అయితే ఒక్కొక్క రకం అక్షరం ఒక్కొక్క కొలతలో వస్తుంది, 28 అన్నా ఒక దాంట్లో చిన్నగా పడుతుంది. అందుకని ముందు ఒక కాగితం తీయించి, స్కేలు పెట్టి "అ" అక్షరం ఎత్తు కొలవండి. అయిదు మిల్లీమీటర్లకు తగ్గితే ఇంకా పెంచమనండి. తర్వాత ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని, మీ చత్వారపు కళ్ళద్దాలు తీసేసి చూడండి. ప్రతి వత్తూ తన పంక్తి కిందే ఉన్నట్లు తెలిస్తే కాగితం పనికొస్తుంది. డి.టి.పి. అందుబాటులో లేకపోతే లావు స్కెచ్ పెన్నుతో చేత్తో రాసి జిరాక్సు తీయించినా చాలు. నేను మొదటి రెండు నెలలూ అలాగే చేశాను.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. పంక్తిని ఎక్కడ విరవాలి?

పుస్తకాల్లో చోటు కలిసొస్తుందని పల్లవిని ఒకటో రెండో పొడుగాటి పంక్తులుగా వేస్తారు. సంధులన్నీ కలిపి, సమాసాలన్నీ ఒకే మాటగా వేస్తారు. ఉదాహరణకి నేనే ఒక మాట కల్పించి చెబుతాను, ఇది ఏ కీర్తనా కాదు. "సాయంసంధ్యాదీపకాంతుల నీ దివ్యపాదము కనుగొంటిమి స్వామీ" అని ఒక పల్లవి ఉందనుకోండి. ఇది ఆదితాళంలో రెండు ఆవర్తాలు, అంటే పదహారు దెబ్బలు. మనమైతే రెండు ఊపిరుల్లో పాడేస్తాం. డెబ్భై అయిదేళ్ళు దాటినవాళ్ళకి ఊపిరి అంతసేపు నిలవదు. నిలవనప్పుడు మాట మధ్యలో తెగుతుంది. తెగిన మనిషి మళ్ళీ అందుకునేలోగా మనం ముందుకెళ్ళిపోతాం. ఇంక ఆవిడ కలవరు.

అందుకని ఆ పల్లవిని నేను ఇలా రాయిస్తాను:

సాయం సంధ్యా
దీప కాంతుల
నీ దివ్య పాదము
కనుగొంటిమి స్వామీ

నాలుగు పంక్తులు, ఒక్కొక్క పంక్తి నాలుగు దెబ్బలు, అంటే అర ఆవర్తం. ఒక పంక్తి అంటే ఒక ఊపిరి. పంక్తి చివర కన్ను ఆగుతుంది, అక్కడే ఊపిరి తీసుకుంటారు. ఊపిరి తీసుకోమని నేను నోటితో చెప్పనక్కర్లేదు, కాగితమే చెబుతుంది. సమాసాన్ని విడదీయడం వ్యాకరణానికి అంత బాగుండదని మా పంతులమ్మ మామ్మగారే నవ్వారు. కాని ఆవిడే, "బళ్ళో పిల్లలకి ఇలాగే విడదీసి నేర్పేదాన్నమ్మా" అని కూడా అన్నారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. మాటను అక్షరం మధ్యలో విరిచి కింది పంక్తిలోకి తోయకూడదు. అలాగే కుడివైపు అంచు సమంగా రావాలని మాటల మధ్య ఖాళీలు సాగదీయించకూడదు.

మిశ్రచాపు, రూపకం లాంటి తాళాల్లో దెబ్బల లెక్క వేరుగా ఉంటుంది. అప్పుడు లెక్క కాకుండా ఊపిరినే నమ్ముకోండి. పాటని కుర్చీలో వెనక్కి ఆనుకుని, మెల్లగా, కాస్త కింద గొంతుతో పాడి చూడండి. ఎక్కడ సునాయాసంగా ఆగగలరో అక్కడ గీత పెట్టుకుని, అక్కడ పంక్తి విరవండి.

ఈ కొలతలో మామూలు ఎ4 కాగితం మీద పద్నాలుగు, పదిహేను పంక్తులు పడతాయి. పల్లవికి నాలుగు, ఒక ఖాళీ, చరణానికి నాలుగు, మళ్ళీ ఒక ఖాళీ, మళ్ళీ పల్లవికి నాలుగు. అంటే కాగితానికి ఒక చరణం. పల్లవి మళ్ళీ ఎందుకు రాయాలి, ఒక అడ్డగీత గీసి "పల్లవి" అంటే చాలదా అంటారేమో. చాలదు. ఆ గుర్తు చూసి కన్ను పైకి వెళ్ళి, పల్లవి వెతుక్కుని, మళ్ళీ కిందికి రావాలి. ఆ వెతుకులాటలోనే సగం మంది జారిపోతారు. ఎన్నిసార్లు పాడతామో అన్నిసార్లూ పూర్తిగా రాయించాలి.

పాటకి రెండు చరణాలే పెట్టుకుంటాను, అంటే రెండు కాగితాలు. వాటిని పిల్లలు పరీక్షలకి తీసుకెళ్ళే అట్టకి క్లిప్పు పెట్టి ఇస్తాను. చెయ్యి వణికే వాళ్ళు కాగితం పట్టుకుంటే అక్షరాలూ వణుకుతాయి. అట్ట అయితే ఒళ్ళో నిలుస్తుంది. మొదటి కాగితం అయ్యాక హార్మోనియం మీద పల్లవి ఒకసారి ఊరికే వాయిస్తాను. ఆ కాసేపట్లో అందరూ నిదానంగా కాగితం తిప్పుకుంటారు. పాట సంఖ్య పైన మూలన పెద్ద అంకెగా వేయిస్తాను. "మూడో పాట" అంటే వెతుక్కోవడం తేలిక.

ఇక శ్రుతి. నేను ఇంట్లో పాడేది అయిదున్నర. వయసుతోపాటు ఆడవాళ్ళ గొంతు కిందికి దిగుతుంది. అక్కడ నేను మూడుకి దిగాల్సి వచ్చింది. నాకే కింద స్థాయిలో గాలి తప్ప స్వరం రాదేమోననిపించింది. రానీండి, వినిపించవలసింది నా గొంతు కాదు కదా. ఒక చిన్న కిటుకు చెబుతాను. పాటని పల్లవి నుంచి మొదలుపెట్టి శ్రుతి చూడకండి. పల్లవి ఎప్పుడూ సుఖంగానే ఉంటుంది, చరణంలో పైకి వెళ్ళేచోటే గొంతులు విరుగుతాయి. ముందు ఆ ఎత్తైన ముక్క ఒక్కటీ పాడించి చూడండి. పెద్దవాళ్ళు గడ్డం పైకెత్తి పాడుతున్నారంటే, లేక ఉన్నట్టుండి నోళ్ళు మూతపడ్డాయంటే, ఇంకా దించాలని అర్థం.

వేగానికి గోడ గడియారం చాలు. సెకనుల ముల్లు ఒక్కసారి కదిలితే ఒక దెబ్బ. అలా పాడితే నాలుగు దెబ్బల పంక్తి నాలుగు సెకన్లు పడుతుంది, చాలామందికి అది సరిపోతుంది. నిదానం మంచిదన్నారు కదా అని ఇంకా సాగదీస్తే మళ్ళీ చిక్కే. అదే పంక్తి ఆరేడు సెకన్లకి సాగి, ఊపిరి మళ్ళీ మధ్యలో తెగుతుంది. అంతేకాదు, పాట ఏడుపులా వినబడుతుంది. కాళ్ళు చూస్తూ ఉండండి. ఎవరివో రెండు మూడు పాదాలు తాళం వేస్తున్నాయంటే నడక సరిపోయినట్లే.

ఏ పాటలు ఎంచుకోవాలి? మనకి నచ్చినవి కాదు, వాళ్ళకి పదేళ్ళ నుంచి పాతికేళ్ళలోపు నోటికొచ్చినవి. ఆ వయసులో నేర్చినవి చివరిదాకా నిలుస్తాయి. నిన్న భోజనంలో ఏం తిన్నారో మర్చిపోయినవాళ్ళు కూడా పల్లవి అందిస్తే చరణం పాడతారు. అయితే "మీకు ఏ పాటలు వచ్చు?" అని అడిగితే "ఏమీ రావు" అనే అంటారు. "సాయంత్రం దీపం పెట్టేటప్పుడు మీ అమ్మగారు ఏం పాడేవారు?" అని అడగండి. "మీ బళ్ళో ప్రార్థన ఏమిటి?" అని అడగండి. విజయవాడ రేడియో కేంద్రం 1948లో మొదలైంది. ఇవాళ ఎనభైలలో ఉన్నవాళ్ళు ఆ భక్తిరంజని వింటూ పెరిగినవాళ్ళు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పాడిన రామదాసు కీర్తనలు చాలామందికి ఆ వరసలోనే వచ్చు. మరికొందరికి ఊరి భజన మందిరంలో నేర్చిన వరస వచ్చు. మాటలు కూడా ఒకటి రెండుచోట్ల వేరుగా ఉంటాయి. అలాంటప్పుడు పుస్తకంలో ఉన్నదే ఒప్పు అని దిద్దబోకండి. ఎక్కువమంది నోట ఏది ఉందో అదే కాగితం మీద వేయించండి. అరవై ఏళ్ళుగా పాడుకుంటున్న మాటని మనం తప్పంటే, వాళ్ళు పాటే మానేస్తారు.

మా ఆశ్రమంలో ముగ్గురు క్రైస్తవ అమ్మలున్నారు. మొదటి రోజున వాళ్ళకి నేను ఒక్క పాటా తీసుకెళ్ళలేదు. ఆ సంగతి నాకు తట్టనైనా లేదు, అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. తర్వాత అడిగితే, వాళ్ళు పాట పేరు చెప్పలేదు, నంబరు చెప్పారు! చర్చిలో కీర్తనల పుస్తకం నంబరుతోనే పాడతారు, అందుకని నంబరే గుర్తు. ఇక్కడొక జాగ్రత్త. వేరు వేరు పుస్తకాల్లో అదే కీర్తనకి వేరు నంబరు ఉండవచ్చు. వాళ్ళ చర్చిలో ఏ పుస్తకమో కనుక్కుని, మొదటి మాట కూడా అడిగి సరిచూసుకోవాలి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు మొదలైనవాళ్ళు రాసిన ఆ కీర్తనలకీ పల్లవి, చరణాలు, తాళం ఉన్నాయి. పంక్తికొక ఊపిరి చొప్పున విరవడం వాటికీ అదే పద్ధతి. ఇప్పుడు ప్రతి వారం ఒక వంతు వాళ్ళది. ఇష్టమైనవాళ్ళు కలుస్తారు, కానివాళ్ళు వింటారు. ఎవరి చేతిలోనూ బలవంతంగా కాగితం పెట్టం.

రెండు పొరపాట్లు కూడా చెబుతాను. ఒకసారి బాగుంటుందని మంగళహారతి పాట మధ్యలో పాడించాను. అయిపోగానే సగం మంది దణ్ణం పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు. మరి మంగళం పాడామంటే ముగిసినట్లే గదా! దాన్ని చివరకే ఉంచాలి. రెండోది అంత నవ్వే సంగతి కాదు. ఒక రోజు లాలిపాట ఎత్తుకున్నాను. ఒక తల్లి వెక్కి వెక్కి ఏడ్చారు. చేతికందిన కొడుకు పోయాడట, నాకు తెలియదు. గాభరాపడి పాట ఆపేశాను, ఆపడంతో అందరూ ఆవిడ వైపే చూశారు. ఆవిడ ఇంకా కుంచించుకుపోయారు. ఇప్పుడైతే ఆపను. పాటని మెల్లగా ముగింపుకి తెచ్చి, ఆయా ఒకరు ఆవిడ పక్కన కూర్చునేలా చూసి, తర్వాత ఇంకో పాట పాడిస్తాం. కొత్త పాట చేర్చేముందు ఎవరికి ఏది బాధగా ఉంటుందో అక్కడివాళ్ళని అడిగి తెలుసుకుంటాను. పాట అన్ని బాధలకీ మందేమీ కాదు. మరుపు జబ్బున్నవాళ్ళు పాడినంతసేపూ తేటగా ఉండి, పాట అయ్యాక మళ్ళీ "నేను ఇంటికెళ్ళాలి" అంటారు. అది చూసి మనం నిరాశపడకూడదు, వాళ్ళవాళ్ళకి లేనిపోని ఆశలూ పెట్టకూడదు.

చదవడం రానివాళ్ళూ, చూపు బొత్తిగా లేనివాళ్ళూ అయిదారుగురున్నారు. వాళ్ళకి కాగితంతో పని లేదు. వాళ్ళని చదివేవాళ్ళ పక్కన కూర్చోబెట్టి, పంక్తి ఒకసారి నేను అని, ఒకసారి అందరూ అనేలా పాడిస్తాం. భజనలో మన పెద్దలు చేసిందీ ఇదే.

మా పంతులమ్మ మామ్మగారి సంగతి చెప్పి ముగిస్తాను. కొత్త కాగితాలు తీసుకెళ్ళిన రోజున, అలవాటుగా "నాకు రాదమ్మా" అంటూనే అట్ట ఒళ్ళో పెట్టుకున్నారు. కాసేపు చూశారు. వేలితో ఒక వత్తు కింద గీత గీసినట్లు రాసి, "ఇక్కడ అచ్చుతప్పుంది, సున్నా పడలేదు" అన్నారు. నిజమే, పడలేదు. ఆ సున్నా నేను పెన్నుతో దిద్దాక, శ్రుతి ఇవ్వమన్నట్లు నా వైపు చూశారు. ఆ రోజు నుంచి అచ్చుకి ఇచ్చేముందు ప్రతి పాటా ఆవిడే దిద్దుతున్నారు.

మీరెవరైనా ఇలాంటి పని తలపెడితే, మొదటి రోజు పది పాటలు తీసుకెళ్ళకండి. మూడు చాలు. పాడుతూ మధ్యలో ఒక పంక్తి మీరు ఆపేసి చూడండి. హాల్లో పాట ఆగకుండా సాగుతూ ఉంటే, మీ కాగితాలు సరిగ్గా కుదిరినట్లే.

సెలవు.